‘తర్వాత’ లేని పాచిక: అట్టముక్కలతో కథలు రాయించిన అనుభవం

ప్రాథమికోన్నత తరగతుల్లో, అంటే 6, 7, 8 తరగతుల్లో, కథ రాయించడానికి అట్ట పాచికలు వాడే ఉపాధ్యాయులు చాలామందే ఉన్నారు. ఎక్కువ చోట్ల ఆరు ముఖాల మీద ఆరు బొమ్మలు ఉంటాయి: పడవ, కొబ్బరిచెట్టు, కుక్క, ఇల్లు, చేప, సూర్యుడు. నాలుగు పాచికలు వేస్తే నాలుగు బొమ్మలు పడతాయి, పిల్లలు వాటిని ఇలా రాస్తారు: “ఒక ఊరిలో ఒక పడవ ఉంది. తర్వాత ఒక కుక్క వచ్చింది. తర్వాత అది చేప తింది. తర్వాత అందరూ ఇంటికి వెళ్ళారు.” పడిన బొమ్మలన్నీ వచ్చాయి, కథ మాత్రం రాలేదు. తప్పు పిల్లలది కాదు. నాలుగు వస్తువుల పేర్లు చేతికిస్తే ఎవరైనా జాబితాయే రాస్తారు.

కోనసీమ లంక గ్రామాల పిల్లలతో వాడుతూ, మార్చుకుంటూ మేం నిలబెట్టుకున్న పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. ఇందులో ఒక్కో జట్టుకు నాలుగు పాచికలు. మొదటిది ‘ఎవరు’, రెండోది ‘ఏం కావాలి’, మూడోది ‘ఏం అడ్డొచ్చింది’. నాలుగోదాని మీద మనిషి గానీ వస్తువు గానీ ఉండదు, వాక్యాన్ని వాక్యంతో కలిపే మాటలే ఉంటాయి. దాన్ని మా పిల్లలు ‘ముడి పాచిక’ అంటారు. ఈ నాలుగోది లేకపోతే మిగతా మూడూ ఉన్నా కథ సగంలోనే ఆగిపోతుంది. ‘ఎక్కడ’ అనే పాచిక కావాలనే పెట్టలేదు. అది ఉంటే పిల్లలు మొదటి పది వాక్యాలూ చెట్ల మీద, గాలి మీద, పచ్చని పొలాల మీద ఖర్చు చేస్తారు. మనిషి చేసే పని తెలిస్తే చోటు దానంతటదే వచ్చేస్తుంది. మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నడిపేవాడు రేవులో కాక ఇంకెక్కడుంటాడు?

ముందు అట్ట సంగతి. కిరాణా కొట్లో ఊరికే దొరికే అలల అట్టపెట్టె చూడగానే చాలా బాగుంటుందనిపిస్తుంది గానీ పాచికకు పనికిరాదు. దాని రెండు కాగితాల మధ్య ఉన్న గొట్టాలన్నీ ఒకే దిక్కుకు పరుగెడతాయి. గొట్టాల వెంట మడిస్తే చక్కగా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే నలిగిపోయి వంకరగా విరుగుతుంది. పాచికకు రెండు దిక్కుల్లోనూ మడతలు కావాలి కాబట్టి ఏదో ఒక వైపు తప్పకుండా వంకర వస్తుంది. పైగా అట్ట మందం వల్ల మూలలు ఒకదానితో ఒకటి కలవవు. బూట్ల డబ్బాలకు వాడే బూడిదరంగు ఒంటి అట్ట, సుమారు మిల్లీమీటరు మందంది, దీనికి సరిపోతుంది. పెద్దవాళ్ళ బూట్ల డబ్బా అయితే అడుగు నుంచి ఒక పాచిక, మూత నుంచి ఒక పాచిక వస్తాయి. పక్కలు కూడా కలుపుకుంటే ఇంకోటి వస్తుంది కదా అనిపిస్తుంది గానీ, పాత మడత ఏదైనా ముఖం మధ్యలోకి వస్తే ఆ ముఖం ఎప్పటికీ చదునుగా ఉండదు. ముప్పై మంది ఉన్న తరగతికి అయిదుగురి చొప్పున ఆరు జట్లు, ఇరవై నాలుగు పాచికలు. అంటే పన్నెండు డబ్బాలు. చెప్పుల దుకాణంలో ముందే చెప్పి ఉంచితే పక్కన పెడతారు.

పాచిక భుజం 5 సెంటీమీటర్లు. ఇంతకంటే చిన్నదైతే చుట్టూ కూర్చున్న అయిదుగురికీ అక్షరాలు కనబడవు, పెద్దదైతే డబ్బా అట్ట చాలదు. ఘనాన్ని విప్పి పరిస్తే వచ్చే ఆకారాన్ని పిల్లలు లెక్కల్లో వల రూపం పేరుతో చదువుకుంటారు. అలాంటివి మొత్తం పదకొండు రకాలు ఉన్నాయి. వాటిలో శిలువ ఆకారంలో ఉండేదే అతికించడానికి తేలిక. నిలువుగా నాలుగు చదరాలు గీయాలి. పై నుంచి వాటిని క, ఖ, గ, ఘ అనుకుందాం. ఖ కి ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి. అతుకు రెక్కలు ఏడు కావాలి: క కి రెండు పక్కలా, గ కి రెండు పక్కలా, ఘ కి రెండు పక్కలా, ఘ కింద ఒకటి. ఒక్కో రెక్క వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు. ఇలా పెడితే మొత్తం ఆకారం 15 సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవులో ఇమిడిపోతుంది. రెక్కల చివరలను ఏటవాలుగా కత్తిరించాలి. నిటారుగా వదిలేస్తే లోపల మూలల దగ్గర రెండు రెక్కలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి మూల ఉబ్బుతుంది. ఒక మంచి అట్ట మీద దీన్ని ఒకసారి కచ్చితంగా గీసి కత్తిరించి అచ్చుగా ఉంచుకుంటే మిగతావాటికి చుట్టూ పెన్సిలు తిప్పితే చాలు. ఎవరికి వాళ్ళు గీసుకుంటే ప్రతి చదరంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ కలిసి చివర మూత దగ్గర బయటపడతాయి.

మడవడానికి ముందు గీతల మీద గాడి పెట్టాలి. సిరా అయిపోయిన రీఫిల్ పెన్ను, స్టీలు స్కేలు చాలు. గీత మీద రెండుసార్లు గట్టిగా నొక్కి లాగాలి, అట్ట తెగకూడదు. గాడి బయటి వైపు ఉండేలా, అంటే గాడికి ఎదురు దిక్కుకు మడవాలి. చాలామంది గాడి లోపలికి పోయేలా మడుస్తారు. అప్పుడు వెనకవైపు ఉబ్బు అంచు మీదకి వచ్చి పైకాగితం చిట్లుతుంది. కత్తి పని ఉపాధ్యాయుడిదే, పిల్లలకు కత్తెర చాలు.

బంక విషయంలో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మైదా బంక చౌక, తేలిక కూడా. కానీ వానాకాలంలో ఏటిగట్టు పక్క బడి బీరువాలో పెడితే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది, తర్వాత బొద్దింకలు అంచులు కొరుకుతాయి. పుస్తకాలు కుట్టేవాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతుల్లో తిరిగే వస్తువుకు వద్దే వద్దు. ఫెవికాల్ లాంటి తెల్ల బంకను పలచగా రాస్తే సరిపోతుంది. మందంగా రాస్తే తడికి అట్ట మెత్తబడి ముఖం మధ్యలో పొట్ట వస్తుంది. ముందుగా క రెక్కల్ని ఎడమ కుడి చదరాల లోపలికి అతికించాలి, తర్వాత గ రెక్కల్ని. ఒక్కో అతుకుకూ బట్టల క్లిప్పు పెట్టాలి. ఎండాకాలంలో అరగంటకు పట్టు వస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో మాత్రం రాత్రంతా వదిలేయాల్సిందే. తొందరపడి క్లిప్పులు తీస్తే అతుకులు చప్పుడు లేకుండా జారి, తెల్లారేసరికి పాచిక వాలిపోయి ఉంటుంది.

ఘ అనే మూత మూసే ముందు లోపల ఏదైనా నింపాలి. ఖాళీ పాచిక రెండో రోజుకే నలుగుతుంది, పైగా ఆరు జట్లూ ఒకేసారి వేస్తే పక్క తరగతి దాకా టపటపమని వినబడుతుంది. దినపత్రిక సగం పేజీ నలిపి పెడితే సరిపోతుంది. ఇక్కడ మాకు కొబ్బరి పీచు ఎంతైనా దొరుకుతుంది కనుక అదే వాడతాం. అది అన్ని వైపులకీ సమంగా ఒత్తుతుంది, మళ్ళీ మళ్ళీ నొక్కినా లేస్తుంది. బాగా ఎండినదై ఉండాలి, దులిపి పొట్టు రాల్చాలి. పొట్టు మిగిలితే ఆ చెమ్మకు బంక ఊడుతుంది. ఎక్కువ కుక్కితే ముఖాలు ఉబ్బుతాయి. మూత తేలిగ్గా, అరచేతితో నొక్కకుండానే కూర్చుంటే పాళ్ళు సరిపోయినట్టు.

పాచిక ఒకే ముఖం చూపిస్తోందేమో ఒకసారి సరిచూసుకోవాలి. ముప్పైసార్లు వేసి లెక్క రాస్తే ఒక్కో ముఖం అయిదుసార్లకు అటూ ఇటూగా పడాలి. ఏదైనా ముఖం పన్నెండుసార్లు పడిందంటే దానికి ఎదురు ముఖం బరువెక్కిందన్నమాట. సాధారణంగా అది మూత వైపు అవుతుంది, ఎందుకంటే మూడు రెక్కలూ, చివరి బంకా అక్కడే చేరతాయి. పేకాట పందెం కాదు కాబట్టి కొద్ది తేడాతో నష్టం లేదు, కానీ ప్రతిసారీ ‘ఐస్ అమ్మే తాత’ పడితే జట్టు విసుగెత్తి పాచికను చేత్తో తిప్పడం మొదలుపెడుతుంది. సరిచేయడానికి విప్పక్కర్లేదు. తేలికైన వైపు, అంటే ఎక్కువసార్లు పైకి వచ్చే ముఖం మీద, చీటీ కింద ఇంకో ముక్క అట్ట అతికిస్తే చాలు.

ముఖాల మీద మాటలు నేరుగా అట్ట మీద రాయకూడదు. నాలుగున్నర సెంటీమీటర్ల తెల్ల కాగితం చదరాలు కత్తిరించి, వాటి మీద రాసి, నాలుగు మూలల్లో మాత్రమే బంక చుక్కలు పెట్టి అంటించాలి. అంచుల దగ్గర కొంచెం ఖాళీ వదిలితే దొర్లేటప్పుడు కాగితం లేవదు. మూలల్లోనే అంటించడానికి కారణం ఉంది. ఒక జట్టు ఒక పాచికతో నాలుగైదు కథలు రాసేసరికి ముఖాలన్నీ నోటికి వస్తాయి. అప్పుడు చీటీలు లాగి కొత్తవి పెట్టాలి. ముఖాలకు 1 నుంచి 6 వరకు అంకెలు వేసి, మాటల జాబితా నల్లబల్ల మీద రాస్తే ఈ మార్పిడి బాధ ఉండదు కదా అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, అలాగైతే అట్ట కూడా అక్కర్లేదు, లూడో పాచిక చాలు. ఇంత శ్రమపడి ఘనం చేయడంలో లాభం ఒకటే: ఆ ముఖాల మీద ఏం ఉండాలో పిల్లలే తేల్చుకుని రాస్తారు. సగం పాఠం అక్కడే జరుగుతుంది. అందుకే చీటీల పనికి ఒక పూర్తి పీరియడు ఇస్తాం.

‘ఎవరు’ పాచికకు నియమం ఒక్కటే: మనిషి పక్కన ఆ మనిషి చేసే పని ఉండాలి. ‘రాజు’ అని రాస్తే పాత కథే తిరిగి వస్తుంది, ‘ఒక బాలుడు’ అని రాస్తే ఏదీ రాదు. పిల్లల్ని ‘నిన్న బడి నుంచి ఇంటికెళ్ళే దారిలో ఎవరెవరు ఏం పని చేస్తూ కనిపించారు’ అని అడిగితే చాలు. పంటు మీద టిక్కెట్లు కోసే కుర్రాడు, కొబ్బరికాయలు దింపే ఆయన, లేసు అల్లే పెద్దమ్మ, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి, పూతరేకులు చుట్టే అమ్మాయి, సైకిలు మీద ఐస్ అమ్మే తాత: ఒక జట్టు ఆరు ముఖాలూ ఇలా నిండాయి.

‘ఏం కావాలి’ అన్నది చిన్నదై ఉండాలి, కథ చివర దొరికిందో లేదో ఒక్క మాటలో చెప్పగలిగేదై ఉండాలి. ‘సంతోషంగా బతకాలి’ అని ఒకరు రాస్తారు, ‘గొప్పవాడు కావాలి’ అని ఇంకొకరు. అప్పుడు నేను అడిగేది: “ఎన్ని గంటలకి దొరికిందని రాస్తావు?” చెప్పలేకపోతే చీటీ మార్చాలి. పోయిన గొడుగు దొరకాలి, చీకటి పడేలోగా అమ్మమ్మకి కళ్ళజోడు చేర్చాలి, ఇచ్చిన పుస్తకం తిరిగి తెచ్చుకోవాలి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాలి, ఒకరికి నిజం చెప్పాలి, ఒక మాట దాచాలి. చివరి రెండూ 8వ తరగతి వాళ్ళు రాసినవి. వాటితో మంచి కథలు వస్తాయి గానీ 6వ తరగతికి బరువు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది మూడో పాచిక. ఈ ప్రాంతం పిల్లలు ‘ఏం అడ్డొచ్చింది’ అనగానే మొదట రాసేది వరద. ఆ తర్వాత తుఫాను, పాము, దొంగ, ప్రమాదం. వాళ్ళు చూసినవే, వాళ్ళకు తెలిసినవే. కానీ కావలసింది పోయిన గొడుగు, అడ్డొచ్చింది మహా వరద అయితే గొడుగు సంగతి ఎవరికి పడుతుంది? రెండో పేరాకి అందరూ పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లాలు తింటుంటారు, కథ వార్తగా మారిపోతుంది. కాబట్టి అడ్డు ఎప్పుడూ కోరికకు సరితూగాలి.

అలాగని వరదను తీసేయమనడం నాకు ఇష్టం ఉండదు. లంక పిల్లలకు ఇంత వివరంగా తెలిసిన విషయం మరొకటి లేదు. వరదను మెట్లుగా విడగొడతాం. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ఈ అంకెలు ఇక్కడి పిల్లలకు ఎక్కాల్లా వచ్చు. మొదటి హెచ్చరిక నాటికి మీ ఊళ్ళో ఏం ఆగిపోతుంది, రెండోదానికి ఏం ఆగిపోతుంది అని అడిగితే జవాబులు వరసగా పడతాయి: కాజ్‌వే మీదకి నీళ్ళొచ్చాయి; పంటు ఆపేశారు; నాటుపడవలో మనుషుల్నే ఎక్కించుకుంటున్నారు, సైకిళ్ళు వద్దంటున్నారు; గేదెల్ని గట్టు మీదకి తోలాలి. వీటిలో ప్రతి ఒక్కటీ పాచిక ముఖానికి సరిపోయే అడ్డు. ‘సైకిళ్ళు వద్దంటున్నారు’ అన్నది ఐస్ అమ్మే తాతకు ఎంత పెద్ద అడ్డో చూడండి. ఒక పాచిక మీద వరద మెట్లు రెండుకు మించకుండా చూస్తాం. మిగతా నాలుగూ మనుషుల మధ్య అడ్డులు: ఒకరితో మాటల్లేవు, చేతిలో ఉన్న డబ్బు చాలదు, తప్పుడు చిరునామా ఇచ్చారు, ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు.

ఇక ముడి పాచిక. దాని ముఖాలు పిల్లలు ఎంచుకోరు, అన్ని జట్లకూ ఒకటే. రెండు ముఖాల మీద ‘కానీ’, రెండింటి మీద ‘అంచేత’, ఒకదాని మీద ‘ఈలోగా’, ఒకదాని మీద ‘నిజానికి’. ‘తర్వాత’ లేదు. పుస్తకాల్లో ఉండే ‘అందుకని’ కంటే ఇంట్లో మాట్లాడే ‘అంచేత’ ఇక్కడి పిల్లలకు నోట్లోంచి తేలిగ్గా వస్తుంది, అందుకే అదే పెట్టాం. ‘కానీ’, ‘అంచేత’ రెండేసి ముఖాల మీద ఉండడానికి కారణం ఉంది. కథను నెట్టేవి ఆ రెండే. ఒకటి దారి మూస్తుంది, ఒకటి మనిషిని కదిలిస్తుంది. ‘ఈలోగా’ పక్కకు తీసుకెళ్ళి మరో మనిషిని చూపిస్తుంది, ‘నిజానికి’ అంతకు ముందు అనుకున్నదాన్ని తిరగేస్తుంది. ఈ చివరి రెండూ తరచుగా పడితే కథ చెదురుతుంది.

వేసే పద్ధతి ఇది. పాచికలు బల్ల మీద వేయనివ్వం, అవి దొర్లి కిందపడితే పది నిమిషాలు అక్కడే పోతాయి. నేల మీద గోనెసంచి పరిచి, ఒక డబ్బా మూతలో వేయిస్తాం. మొదట మూడు పాచికలూ ఒకేసారి. నచ్చకపోతే ఏదో ఒకదాన్ని ఒక్కసారి మళ్ళీ వేసుకోవచ్చు. ఈ వెసులుబాటు లేకపోతే బేరాలు మొదలవుతాయి, రెండుసార్లు ఇస్తే పాచిక ఎందుకు, వాళ్ళకు ముందే తెలిసిన కథే రాస్తారు. మూడింటినీ కలిపి రెండు వాక్యాలు రాశాక ముడి పాచిక నాలుగుసార్లు, ఒక్కొక్కసారి ఒక్కొక్కరు. పడిన మాటతో మొదలయ్యే వాక్యం పాచిక వేసినవాళ్ళే నోటితో చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్న మాత్రమే అడగొచ్చు. జట్టులో ఒక్కరే మొత్తం కథ లాక్కుపోకుండా ఇది కాపాడుతుంది. మొదటి రెండు సార్లలో ‘నిజానికి’ పడితే మళ్ళీ వేయాలి, అప్పటికి తిరగేయడానికి ఏమీ ఉండదు గనుక. ‘కానీ’ వరుసగా మూడోసారి పడినా మళ్ళీ వేయాలి.

ఒక జట్టుకు పడినవి చూడండి. ‘పంటు మీద టిక్కెట్లు కోసే కుర్రాడు’, ‘చీకటి పడేలోగా అమ్మమ్మకి కళ్ళజోడు చేర్చాలి’, ‘ఒకరితో మాటల్లేవు’. వాళ్ళు కట్టుకున్న మొదటి రెండు వాక్యాలు: “పంటు మీద టిక్కెట్లు కోసే శీను చీకటి పడేలోగా అవతలి లంకలో ఉన్న అమ్మమ్మకి కళ్ళజోడు చేర్చాలి. అవతలి రేవులో ఆటో ఉన్నది బాబాయి ఒక్కడికే, బాబాయితో వాళ్ళింట్లో మాటల్లేవు.”

ముడి పాచిక మొదటిసారి ‘అంచేత’ పడింది. “అంచేత శీను ఆటో వైపు చూడకుండా ఏటిగట్టు ఎక్కి నడక మొదలెట్టాడు.” ఇది బాగుంది, మాటల్లేకపోవడం వల్లనే నడిచాడు. రెండోసారి ‘కానీ’. మొదట చెప్పిన వాక్యం “కానీ పెద్ద వర్షం వచ్చింది.” ఇలాంటప్పుడు మేం అడగమని నేర్పిన ప్రశ్న: ముందు వాక్యంలో ఉన్న పనికి ఇది అడ్డమేనా, లేక ఆకాశం నుంచి ఊడిపడిందా? వర్షంలో తడుస్తూ నడవొచ్చుగా అని జట్టే అంది. మార్చిన వాక్యం: “కానీ గట్టు పనులు జరుగుతున్నాయని దారి మధ్యలో మట్టి పోసేశారు.” మూడోసారి ‘ఈలోగా’: “ఈలోగా రేవులో బాబాయి ఆటో ఖాళీగా నిలబడే ఉంది, ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు, అయినా కదల్లేదు.” ఎందుకు కదల్లేదని ఒకరు అడిగారు, ఎవరికీ తెలియదు. నాలుగోసారి పడింది ‘నిజానికి’. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి చెప్పింది: “నిజానికి బాబాయి రోజూ ఆఖరి పంటు దాకా ఆగేది శీను ఎక్కుతాడేమోననే.”

బొమ్మల పాచికలతో ఈ వాక్యం రాదు. ‘ఎందుకు కదల్లేదు’ అన్న ఖాళీ ముందే ఏర్పడింది గనుక, దాన్ని పూడ్చే మాట సరైన చోట పడింది గనుక వచ్చింది. ప్రతిసారీ ఇంత అచ్చంగా కలిసొస్తుందని కాదు. నాలుగోసారి కూడా ‘అంచేత’ పడి ఉంటే కథ ఇంకో దారిన పోయేది, బహుశా కాస్త చప్పగా ఉండేది.

ముగింపుకు పాచిక లేదు, నియమం ఉంది: ఆఖరి వాక్యం ‘ఏం కావాలి’ చీటీకి జవాబు చెప్పాలి. చేరిందా, లేదా? “అదంతా కల” అని ముగించడం, అందరూ చచ్చిపోయారనడం, దెయ్యం వచ్చిందనడం ఈ నియమంతోనే చాలావరకు ఆగిపోయాయి, విడిగా నిషేధించాల్సిన పని పడలేదు. ఈ జట్టు రాసింది: “కళ్ళజోడు దీపాలు పెట్టే వేళకి చేరింది. బాబాయి డబ్బులు తీసుకోలేదు, శీను థాంక్స్ చెప్పలేదు.”

నలభై నిమిషాల పీరియడులో పాచికలు వేసి నోటితో చెప్పుకోవడానికి పదిహేను నిమిషాలు పోతాయి. మిగతా సమయంలో ఎవరి నోటుపుస్తకంలో వాళ్ళు రాయాలి. ఎముకల గూడు అందరిదీ ఒకటే, కండ ఎవరిది వాళ్ళదే. ఒకరు బాబాయితో మాటలు ఎందుకు పోయాయో రాస్తారు, ఒకరు గట్టు మీది మట్టి గురించి రాస్తారు. చదివి వినిపించడం మర్నాటి పీరియడులో పెట్టుకోవాలి, అదే రోజు కుక్కితే రాయడం నలిగిపోతుంది. 6వ తరగతిలో ఇంకా అక్షరం మీద పట్టు రాని పిల్లలు ప్రతి జట్టులో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు నోటితో అందరికంటే బాగా చెబుతారు, రాసేసరికి రెండు వాక్యాలకే ఆగిపోతారు. పాచిక ఆ ఇబ్బందిని తీర్చదు. వాళ్ళు చెప్పినదాన్ని పక్కవాళ్ళ చేత రాయించి, దాన్నే వాళ్ళ చేత చూసి రాయించడం విడిగా చేయాల్సిన పని.

కథలో అల్లిక ఉందో లేదో తేల్చడానికి మార్కుల కంటే మంచి పరీక్ష ఒకటుంది. జట్టు ఎముకల గూడును, అంటే ఆ రెండు వాక్యాలూ, నాలుగు ముడి వాక్యాలూ, ముగింపూ, ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద రాయించాలి. ముడి వాక్యాల్లో మొదటి మాట ‘కానీ’, ‘అంచేత’ ఏదైనా సరే మడిచి కనబడకుండా చేయాలి. చీటీలు కలిపేసి పక్క జట్టుకు ఇస్తే వాళ్ళు వరస పేర్చాలి. శీను కథను పక్క జట్టు ఒకే ఒక్క చోట తడబడి పేర్చింది. ‘ఈలోగా’ వాక్యం దారి మూసేయడానికి ముందూ పెట్టొచ్చు, వెనకా పెట్టొచ్చు, అది దాని స్వభావం. అదే, పాత బొమ్మల పాచికతో రాసిన “పడవ, కుక్క, చేప” కథ చీటీలు ఎలా పేర్చినా ఎవరూ తప్పు పట్టలేరు. పేర్చడం కుదరని చోట పిల్లలే వెళ్ళి రాసినవాళ్ళను అడుగుతారు: “ఇది ముందెందుకు రావాలి?” రాసినవాళ్ళు నోటితో చెప్పే కారణం చాలాసార్లు నోటుపుస్తకంలో ఉండదు. ఆ కారణాన్ని వాక్యంగా రాసి మధ్యలో చేర్చమంటాం. 7వ తరగతికి రెండో చిత్తుప్రతి అంటే అంతే, మొత్తం మళ్ళీ రాయించం.

ముడి పాచికను కూడా కొన్నాళ్ళకు మార్చాలి. పిల్లలు ‘కానీ’ పడగానే అలవాటుగా దారి మూసేయడం మొదలుపెట్టినప్పుడు రెండు ‘కానీ’ల్లో ఒకటి తీసి ‘అయినా సరే’ పెట్టాం. అడ్డు బయటి నుంచి వచ్చేది ‘కానీ’తో, దాన్ని దాటడానికి మనిషి ఏం చేస్తాడో చెప్పించేది ‘అయినా సరే’. దాంతో ‘ఎవరు’ పాచిక మీద రాసిన పనికి మళ్ళీ పని పడింది: టిక్కెట్లు కోసే కుర్రాడు అడ్డును దాటే తీరు వేరు, లేసు అల్లే పెద్దమ్మ దాటే తీరు వేరు. ఇది 8వ తరగతికి మాత్రమే ఇచ్చాం. 6వ తరగతికి మొదటి నాలుగు మాటలే ఏడాదంతా సరిపోతాయి.